మానవాభివృద్ధి సూచిక, హెడ్‌కౌంట్ నిష్పత్తి, తలసరి ఉత్పత్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ మూడు కొలతల గురించి విద్యార్థులు, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారు, నివేదికలు చదివే పాఠకులు అవే సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతుండటంతో వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాము. ప్రతి సమాధానాన్నీ విడిగా చదువుకున్నా అర్థమయ్యేలా రాశాము, కాబట్టి మీకు కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లవచ్చు. ఉదాహరణల్లోని పదిమంది మనుషులు, పేరు లేని దేశాలు లెక్క చూపడానికి కల్పించినవి. పేరు పెట్టి చెప్పిన దేశాలు, సంస్థలు, సంవత్సరాలు మాత్రం వాస్తవాలు.

## మొదట్లో వచ్చే సందేహాలు

తలసరి జీడీపీ పెరిగిందంటే ప్రజల బతుకు బాగుపడినట్టే కదా?

అలా అనుకోవడానికి వీల్లేదు. తలసరి జీడీపీ అంటే దేశంలో ఒక ఏడాదిలో జరిగిన మొత్తం ఉత్పత్తి విలువను జనాభాతో భాగించగా వచ్చే సగటు, అంతే. ఆ ఉత్పత్తి నుంచి వచ్చిన ఆదాయం ఎవరి చేతికి చేరిందో సగటుకు తెలియదు. రోజుకు 1, 2, 2, 2.8, 2.9, 4, 5, 6, 9, 15 డాలర్ల చొప్పున ఆదాయం ఉన్న పదిమందిని తీసుకోండి. వీరి మొత్తం ఆదాయం 49.7 డాలర్లు, సగటు 4.97 డాలర్లు. అందరికంటే ఎక్కువ సంపాదించే వ్యక్తి ఆదాయం 15 నుంచి 25 డాలర్లకు పెరిగి, మిగిలిన తొమ్మిదిమంది ఎక్కడివారక్కడే ఉంటే సగటు 5.97 డాలర్లవుతుంది. అంటే తలసరి ఆదాయంలో 20 శాతం వృద్ధి నమోదైనా, పదిమందిలో తొమ్మిదిమంది జీవితంలో ఏ మార్పూ లేదు. ఇదే పది డాలర్లు అడుగున ఉన్న ఐదుగురికి పంచినా సగటు అచ్చంగా అంతే వచ్చేది. ఈ రెండు స్థితుల మధ్య తేడాను చూపలేని సంఖ్యను సంక్షేమానికి కొలమానంగా వాడేటప్పుడు జాగ్రత్త తప్పనిసరి.

సమస్యంతా సగటుదేనా, జీడీపీ లెక్కలోనే ఇతర లోపాలు ఉన్నాయా?

ఆదాయం అందరికీ సమానంగా పంచినా పోని లోపాలు కొన్ని ఉన్నాయి. మార్కెట్లో ధర పలికే వస్తువులు, సేవలే జీడీపీలోకి ప్రధానంగా వస్తాయి. ఇంట్లో జీతం లేకుండా చేసే వంట, పిల్లల పెంపకం, వృద్ధుల సేవ అందులో చేరవు. అదే పనికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటే జీడీపీ పెరుగుతుంది, జరిగిన పని మాత్రం మునుపటిదే. అడవిని నరికి కలప అమ్మితే ఆ అమ్మకం ఉత్పత్తిగా నమోదవుతుంది గానీ, పోయిన అడవి విలువను ఎవరూ తీసివేయరు. జాతీయాదాయ లెక్కలకు రూపమిచ్చిన సైమన్ కుజ్నెట్స్ స్వయంగా 1934లో అమెరికన్ కాంగ్రెస్‌కు సమర్పించిన నివేదికలో, ఈ అంకెను బట్టి జాతి సంక్షేమాన్ని అంచనా వేయడం కష్టమని హెచ్చరించారు.

ఉత్పత్తి ఎక్కడ జరిగినట్టు నమోదైంది, ఆదాయం చివరికి ఎవరికి చెందింది అన్నవి రెండు వేర్వేరు విషయాలు. ఐర్లండ్ ఇందుకు స్పష్టమైన సాక్ష్యం. 2015లో ఆ దేశపు జీడీపీ ఒక్క ఏడాదిలోనే 25 శాతానికి పైగా పెరిగినట్టు లెక్క తేలింది. బహుళజాతి కంపెనీలు తమ మేధోసంపత్తి హక్కుల వంటి ఆస్తులను అక్కడికి బదిలీ చేయడం ఇందుకు ముఖ్య కారణం. ఐర్లండ్ ప్రజల ఆదాయాలు ఆ స్థాయిలో పెరగలేదు. అందువల్లనే ఆ దేశపు గణాంక సంస్థ 2017 నుంచి ఇటువంటి ప్రభావాలను తొలగించిన సవరించిన స్థూల జాతీయాదాయాన్ని కూడా ప్రచురిస్తోంది.

అయితే తలసరి ఉత్పత్తిని పూర్తిగా పక్కన పెట్టేయవచ్చా?

పెట్టకూడదు. ఒక ప్రభుత్వం ఎంత పన్ను వసూలు చేయగలదో, ఎన్ని ఆసుపత్రులు, బడులు నడపగలదో నిర్ణయించేది చాలావరకు ఉత్పత్తి స్థాయే. అది వనరుల కొలత. ఆ వనరులు మనుషుల జీవితాల్లో ఏమయ్యాయో తెలుసుకోవడానికి వేరే కొలతలు కావాలి.

## మానవాభివృద్ధి సూచిక లెక్క

ఈ సూచికలో ఏమేమి ఉంటాయి?

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో తొలి మానవాభివృద్ధి నివేదికతో పాటు ఈ సూచికను ప్రవేశపెట్టింది. దీని రూపకల్పనకు పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ నాయకత్వం వహించగా, అమర్త్య సేన్ ఆలోచనలు పునాదిగా నిలిచాయి. ఇందులో మూడు పార్శ్వాలున్నాయి. ఆరోగ్యానికి పుట్టినప్పటి ఆయుర్దాయాన్ని, చదువుకు బడిలో గడిపే సంవత్సరాలను, జీవన ప్రమాణానికి తలసరి స్థూల జాతీయాదాయాన్ని తీసుకుంటారు. 2010 వరకు మూడోదానిలో జీడీపీని వాడేవారు. దేశ ప్రజలకు నిజంగా చెందే ఆదాయానికి జాతీయాదాయమే దగ్గరగా ఉంటుందన్న కారణంతో దానికి మారారు. దేశాల మధ్య ధరల తేడాలు లెక్కను తారుమారు చేయకుండా ఆదాయాన్ని కొనుగోలు శక్తి సమానత ప్రకారం సరిచేసిన డాలర్లలో తీసుకుంటారు.

చదువుకు ఒకటి కాకుండా రెండు కొలతలు ఎందుకు?

ఒకటి గతాన్ని చెబుతుంది, మరొకటి రాబోయేదాన్ని. 25 ఏళ్లు, ఆపైబడిన వారు సగటున ఎన్నేళ్లు చదివారన్నది మొదటిది. ఇప్పుడు బడిలో చేరే బిడ్డ, నేటి ప్రవేశాల తీరే కొనసాగితే, ఎన్నేళ్లు చదువుతుందన్నది రెండోది. దేశమంతటా బడులు తెరిచిన ప్రభుత్వం కృషి రెండో కొలతలో త్వరగా కనిపిస్తుంది. మొదటిదానిలో కనిపించాలంటే ఆ పిల్లలు పెద్దవారయ్యే దాకా ఆగాలి. పిల్లలు బడిలో ఉన్న ఏళ్లనే ఈ రెండూ లెక్కిస్తాయి. అక్కడ వారు ఏం నేర్చుకున్నారన్నది ఏ కొలతలోనూ లేదు, ఇది చిన్న లోపం కాదు.

ఒక దేశపు సూచికను చేత్తో లెక్కవేసి చూపగలరా?

ముందుగా ప్రతి కొలతకూ ఒక కనిష్ఠ హద్దు, ఒక గరిష్ఠ హద్దు ఉంటాయి. ఆయుర్దాయానికి 20, 85 ఏళ్లు. ఊహించిన చదువుకు 0, 18 ఏళ్లు. పెద్దల సగటు చదువుకు 0, 15 ఏళ్లు. ఆదాయానికి 100, 75,000 డాలర్లు. దేశపు విలువ నుంచి కనిష్ఠాన్ని తీసివేసి, రెండు హద్దుల మధ్య దూరంతో భాగిస్తే 0 నుంచి 1 మధ్య ఒక అంకె వస్తుంది. ఆయుర్దాయం 70 ఏళ్లు, ఊహించిన చదువు 12 ఏళ్లు, పెద్దల సగటు చదువు 7.5 ఏళ్లు, తలసరి ఆదాయం 8,000 డాలర్లు ఉన్న దేశం లెక్క ఇలా ఉంటుంది:

```
H = (70 - 20) / (85 - 20) = 0.769
E = (12/18 + 7.5/15) / 2 = 0.583
I = (ln 8000 - ln 100) / (ln 75000 - ln 100) = 0.662
HDI = (H × E × I)^(1/3) = 0.667
```

ఇందులో H ఆరోగ్యం, E చదువు, I ఆదాయం, ln అంటే సంవర్గమానం. 0.550 కంటే తక్కువైతే అల్ప, 0.550 నుంచి 0.699 వరకు మధ్యమ, 0.700 నుంచి 0.799 వరకు ఉన్నత, 0.800 నుంచి అత్యున్నత మానవాభివృద్ధి అని వర్గీకరిస్తారు కాబట్టి ఈ దేశం మధ్యమ వర్గంలో ఉంది. మూడింటిలో దీన్ని ఎక్కువగా వెనక్కి లాగుతున్నది చదువేనని, అందులోనూ పెద్దల సగటు చదువేనని పై వరుసలను చూస్తేనే తెలుస్తుంది. చివరి అంకెను మాత్రమే చదివేవారికి ఈ సంగతి దొరకదు.

ఆదాయానికి మాత్రమే సంవర్గమానం ఎందుకు తీసుకుంటారు?

ఆదాయం పెరిగేకొద్దీ అదనంగా వచ్చే ప్రతి డాలరు జీవితానికి చేర్చే మేలు తగ్గుతుందన్న భావన వల్ల. సంవర్గమానంలో 1,000 నుంచి 2,000 డాలర్లకు పెరగడం, 20,000 నుంచి 40,000 డాలర్లకు పెరగడం సూచికలో ఒకే దూరం. మొదటిదానికి వెయ్యి డాలర్లు చాలు, రెండోదానికి ఇరవై వేలు కావాలి. 75,000 డాలర్లు దాటిన ఆదాయానికి అసలు విలువే లేదు. ఖతార్ వంటి దేశాల తలసరి ఆదాయం ఆ హద్దు దాటినా వాటి ఆదాయ సూచిక 1 దగ్గరే ఆగిపోతుంది.

మూడింటినీ కూడి మూడుతో భాగిస్తే సరిపోదా? గుణమధ్యమం ఎందుకు?

2010 వరకు అలాగే చేసేవారు. మూడు పార్శ్వాలు 0.9, 0.9, 0.3 ఉన్న దేశాన్ని తీసుకుంటే అంకమధ్యమం 0.700 వస్తుంది, మూడూ 0.7 చొప్పున ఉన్న దేశంతో అది సమానమైపోతుంది. అంటే ఒకదానిలోని తీవ్రమైన లోటును మిగతావి పూర్తిగా కప్పివేస్తున్నాయన్నమాట. గుణమధ్యమంలో మొదటి దేశానికి 0.624 మాత్రమే వస్తుంది, రెండోది 0.700 దగ్గరే ఉంటుంది. ఏ పార్శ్వమైనా సున్నాకు దగ్గరైతే మొత్తం సూచికే కుంగిపోతుంది. చదువును నిర్లక్ష్యం చేసి డబ్బుతో సరిపుచ్చుకోవడం కష్టమయ్యేలా చేసిన ఈ మార్పు సరైనదని మేము భావిస్తున్నాము.

సూచిక దృష్టిలో ఒక ఏడాది ఆయుష్షు ఎంత ఆదాయానికి సమానం?

ఈ ప్రశ్నను చాలామంది అడగరు, నిజానికి సూచికను అర్థం చేసుకోవడానికి ఇదే అన్నిటికంటే ఉపయోగపడుతుంది. మూడు అంకెలను కలిపి ఒక్కటిగా చేసిన క్షణంలోనే ఒకదానికి మరొకటి ఎంత సమానమో మనం నిర్ణయించేసినట్టు లెక్క. ఎవరూ ఆ ధరను పైకి ప్రకటించరు గానీ, సూత్రం నుంచి దాన్ని వెలికితీయవచ్చు.

ఆయుర్దాయం 60 ఏళ్లు, తలసరి ఆదాయం 800 డాలర్లు ఉన్న పేద దేశంలో ఆయుర్దాయం ఒక ఏడాది పెరిగితే ఆరోగ్య సూచిక 2.5 శాతం పెరుగుతుంది. అంతే మేర ఆదాయ సూచికను పెంచడానికి తలసరి ఆదాయం సుమారు 43 డాలర్లు పెరిగితే చాలు. ఆయుర్దాయం 80 ఏళ్లు, ఆదాయం 50,000 డాలర్లు ఉన్న ధనిక దేశంలో అదే ఒక ఏడాదికి సాటి రావాలంటే ఆదాయం దాదాపు 5,450 డాలర్లు పెరగాలి. అంటే పేద దేశంలోని మనిషి జీవితంలో ఒక ఏడాదికి ఈ సూత్రం కట్టిన విలువ, ధనిక దేశంలో కట్టినదానిలో నూరో వంతు కంటే తక్కువ. 2010 సవరణ తర్వాత ఆర్థికవేత్త మార్టిన్ రవాలియన్ లేవనెత్తిన ప్రధాన అభ్యంతరం ఇదే. సూచికను రూపొందించినవారు దీన్ని కోరుకోలేదు. సంవర్గమానాన్ని, గుణమధ్యమాన్ని కలిపి వాడటం వల్ల ఇది వచ్చిపడింది. పేద దేశంలో ఆరోగ్యంపై ఖర్చు చేయాలా, ఆదాయం పెంచాలా అన్న నిర్ణయాన్ని ఈ సూచికలోని మార్పును బట్టి తీసుకోకూడదనడానికి ఇంతకంటే బలమైన కారణం అవసరం లేదు.

## పేదల లెక్క

హెడ్‌కౌంట్ నిష్పత్తి అంటే ఏమిటి? రేఖను ఎవరు గీస్తారు?

పేదరిక రేఖకు దిగువన ఉన్నవారి సంఖ్యను మొత్తం జనాభాతో భాగిస్తే వచ్చేదే హెడ్‌కౌంట్ నిష్పత్తి. వందమందిలో 22 మంది రేఖ కింద ఉంటే నిష్పత్తి 22 శాతం. ప్రతి దేశం తన అవసరాలను బట్టి సొంత రేఖను నిర్ణయించుకుంటుంది. దేశాలను పోల్చడానికి ప్రపంచ బ్యాంకు ఒక అంతర్జాతీయ రేఖను వాడుతుంది. అతి పేద దేశాల జాతీయ రేఖల ఆధారంగా దాన్ని ఎంచుకుంటారు. ఇంటింటి సర్వేలలో తేలిన వినియోగ వ్యయాన్నో, ఆదాయాన్నో ఆ రేఖతో పోలుస్తారు. కొన్ని దేశాలు వినియోగాన్ని, మరికొన్ని ఆదాయాన్ని కొలుస్తాయి కాబట్టి రెండు దేశాల నిష్పత్తులను పక్కపక్కన పెట్టేముందు దేన్ని కొలిచారో చూడాలి.

నిష్పత్తి తగ్గింది కదా, ఇక పేదరికం తగ్గలేదని ఎలా అంటారు?

నిష్పత్తికి కనిపించేది ఒక్కటే: మనిషి రేఖకు ఇటువైపు ఉన్నాడా, అటువైపు ఉన్నాడా. ఎంత లోతున ఉన్నాడో దానికి తెలియదు. రోజుకు 3 డాలర్లు రేఖగా పెట్టుకుని పదిమందిని చూద్దాం. ఐదుగురు రేఖకు పైన ఉన్నారు. మిగిలిన ఐదుగురికి రోజుకు 1, 2, 2, 2.8, 2.9 డాలర్లు వస్తున్నాయి. నిష్పత్తి 50 శాతం. ప్రభుత్వం దగ్గర పంచడానికి 30 సెంట్లు మాత్రమే ఉన్నాయి.

ఆ డబ్బును 2.8 ఉన్నవారికి 20 సెంట్లు, 2.9 ఉన్నవారికి 10 సెంట్లు చొప్పున ఇస్తే ఇద్దరూ రేఖను చేరుకుంటారు, నిష్పత్తి ఒక్కసారిగా 30 శాతానికి పడిపోతుంది. అదే డబ్బును అందరికంటే పేదవారికి ఇస్తే వారి ఆదాయం 1.3 డాలర్లవుతుంది, నిష్పత్తి 50 శాతం దగ్గరే ఉంటుంది. విజయాన్ని ఈ అంకెతోనే కొలిచే ప్రభుత్వం సహజంగానే రేఖకు దగ్గరలో ఉన్నవారి వైపు మొగ్గుతుంది. ఇంకా దారుణమైన మూడో దారి కూడా ఉంది. ప్రభుత్వం ఏమీ ఖర్చు చేయకుండా, 1 డాలరు ఉన్న మనిషి నుంచే 30 సెంట్లు తీసి ఆ ఇద్దరికీ పంచినా నిష్పత్తి 30 శాతానికే తగ్గుతుంది. అతి పేద మనిషి మరింత కుంగినా, లెక్కలో పేదరికం తగ్గినట్టే కనిపిస్తుంది. అమర్త్య సేన్ 1976లో ఈ కొలతను విమర్శించింది ఇటువంటి కారణాలతోనే.

పేదరిక అంతరాన్ని వాడితే ఈ లోపం పోతుందా?

సగమే పోతుంది. పేదరిక అంతరం అంటే పేదలు ఒక్కొక్కరు రేఖను చేరడానికి ఎంత తక్కువ పడుతున్నారో కూడి, దాన్ని మొత్తం జనాభా, రేఖ విలువల లబ్ధంతో భాగించగా వచ్చేది. రేఖ 3 డాలర్లు, జనాభా పదిమంది, అందులో పేదల ఆదాయాలు 1, 2, 2, 2.8, 2.9 డాలర్లు అనుకుంటే లోట్లు 2, 1, 1, 0.2, 0.1. మొత్తం 4.3 డాలర్లు, అంతరం 14.3 శాతం. వీరికి 30 సెంట్లు పంచితే, ఎవరూ రేఖను దాటనంత వరకు, ఎవరికి ఇచ్చినా అంతరం 13.3 శాతమే అవుతుంది. నిష్పత్తిలా రేఖ దగ్గరివారి వైపు మొగ్గదు గానీ, అతి పేదలకు ప్రాధాన్యమూ ఇవ్వదు.

అందుకే ఫోస్టర్, గ్రీర్, థోర్‌బెకె అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 1984లో లోటును వర్గం చేసి లెక్కించే పద్ధతిని ప్రతిపాదించారు. వర్గం చేయడం వల్ల లోతుగా ఉన్న లోటుకు ఎక్కువ బరువు వస్తుంది. ఈ పద్ధతిలో మొదటి స్థితికి 0.067 వస్తుంది. 30 సెంట్లు రేఖ దగ్గరి ఇద్దరికి ఇస్తే అది దాదాపు అక్కడే ఉంటుంది, అతి పేదవారికి ఇస్తే 0.055కు తగ్గుతుంది. అతి పేదవారి నుంచే తీసి ఆ ఇద్దరికీ ఇస్తే 0.081కి పెరిగి జరిగిన అన్యాయాన్ని చూపుతుంది.

శాతం తగ్గుతున్నా పేదల సంఖ్య పెరగగలదా?

పెరగగలదు. పదికోట్ల జనాభాలో 40 శాతం అంటే నాలుగు కోట్లు. జనాభా పదిహేను కోట్లకు చేరాక 30 శాతం అంటే నాలుగున్నర కోట్లు. సహారా దిగువ ఆఫ్రికాలో 1990 నుంచి మూడు దశాబ్దాల్లో జరిగింది ఇటువంటిదే. మరో చేదు నిజం కూడా ఉంది: పేదవాడు ఆకలితోనో జబ్బుతోనో మరణిస్తే నిష్పత్తి తగ్గుతుంది. మరణాల రేటును పక్కన పెట్టుకుని చదవకపోతే ఈ తగ్గుదల ప్రగతిగా కనిపిస్తుంది.

ప్రపంచ పేదల సంఖ్య ఒక్కరోజులో మారిపోయినట్టు వార్తలు ఎందుకు వస్తాయి?

సాధారణంగా రేఖ మారినప్పుడు అలా జరుగుతుంది. ప్రపంచ బ్యాంకు రేఖ 2015లో రోజుకు 1.90 డాలర్లు, 2022లో 2.15 డాలర్లు, 2025 జూన్‌లో 3.00 డాలర్లుగా మారింది. ప్రతిసారీ కొత్త ధరల సర్వే ఆధారంగా కొనుగోలు శక్తి లెక్కలను, వాటితో పాటు రేఖను సవరిస్తారు. అందువల్ల పాత రేఖతో వేసిన శాతాన్ని కొత్త రేఖతో వేసిన శాతంతో పోల్చి పేదరికం పెరిగిందనో తగ్గిందనో చెప్పకూడదు. కొత్త రేఖతో పాత సంవత్సరాలను కూడా తిరిగి లెక్కించిన వరుసనే వాడాలి.

## ఫలితాలను చదివేటప్పుడు

మానవాభివృద్ధి సూచికలో అసమానత కనిపిస్తుందా?

మామూలు సూచికలో కనిపించదు. అందులోని మూడు పార్శ్వాలూ సగటులే, పేదల నిష్పత్తికి అందులో చోటు లేదు. ఈ లోటును పూరించడానికి 2010 నుంచి అసమానతను సర్దుబాటు చేసిన సూచికను కూడా ప్రచురిస్తున్నారు. ఆరోగ్యం, చదువు, ఆదాయం ఒక్కొక్కటి జనంలో ఎంత అసమానంగా పంపిణీ అయిందో చూసి, ఆ మేరకు ప్రతి పార్శ్వాన్నీ తగ్గిస్తారు. అసమానత ఏమీ లేకపోతే రెండు సూచికలూ ఒకటే. రెంటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే సగటు అంతగా మభ్యపెడుతోందని అర్థం. ఇందులోనూ ఒక పరిమితి ఉంది. ప్రతి పార్శ్వంలోని అసమానతనూ విడివిడిగా లెక్కిస్తారు కాబట్టి, జబ్బు, చదువులేమి, పేదరికం మూడూ ఒకే మనిషి మీద పడ్డాయా, ముగ్గురు వేర్వేరు మనుషుల మీద పడ్డాయా అన్నది తెలియదు. దాన్ని పట్టుకోవడానికే ఒకే కుటుంబంలో కలిసి ఉన్న లేమిలను లెక్కించే బహుముఖ పేదరిక సూచిక వచ్చింది.

రెండు వేర్వేరు ఏళ్ల నివేదికల్లోని ర్యాంకులను పోల్చవచ్చా?

పోల్చకూడదు. ప్రతి నివేదికతోనూ పాత గణాంకాలు సవరణకు గురవుతాయి, ఒక్కోసారి పద్ధతి కూడా మారుతుంది. పైగా ఒక దేశం సూచిక పెరిగినా, ఇతరులు ఇంకా వేగంగా పెరిగితే దాని ర్యాంకు పడిపోతుంది. తాజా నివేదికలోనే, ఒకే పద్ధతితో 1990 నుంచి లెక్కించిన విలువల వరుస ఉంటుంది. కాలక్రమంలో మార్పును చూడటానికి దాన్నే తీసుకోవాలి.

ఆదాయం ర్యాంకుకూ సూచిక ర్యాంకుకూ మధ్య పెద్ద తేడా ఉంటే ఏమనుకోవాలి?

మానవాభివృద్ధి నివేదిక పట్టికలో తలసరి ఆదాయం ర్యాంకు నుంచి సూచిక ర్యాంకును తీసివేసిన ఒక నిలువు వరుస ఉంటుంది. అది ధనాత్మకమైతే ఆ దేశం తన ఆదాయంతో అందరూ ఆశించేదానికంటే ఎక్కువ ఆరోగ్యాన్నో, చదువునో సాధించిందని అర్థం. ఋణాత్మకమైతే డబ్బు ఉన్నా అది మనుషుల దాకా చేరలేదని అనుమానించాలి. చమురు ఆదాయం వల్ల ఆఫ్రికాలో ఎక్కువ తలసరి ఆదాయం గల దేశాల్లో ఒకటైన ఈక్వటోరియల్ గినీ రెండో రకానికి చాలాకాలంగా ఉదాహరణగా ఉంది. దీనికి భిన్నంగా, కోస్టారికా ప్రజల ఆయుర్దాయం తనకంటే ఎంతో సంపన్నమైన అమెరికాతో సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉంటూ వచ్చింది.

తేడా కనిపించగానే తీర్పు చెప్పకుండా మూడు పార్శ్వాలనూ విడిగా తెరిచి చూడాలి. ఆయుర్దాయం వెనకబడిందా, పెద్దల సగటు చదువు వెనకబడిందా అన్నదాన్ని బట్టి కారణం మారుతుంది. ఆదాయం ఈమధ్యనే హఠాత్తుగా పెరిగిన దేశంలో పెద్దల చదువు వెనకబడి ఉండటం సహజం, అక్కడ పిల్లల ఊహించిన చదువు ఎలా ఉందో చూస్తే ఆ కొత్త డబ్బు బడులకు చేరుతోందో లేదో తెలుస్తుంది.